వాపసు పంపలేని ఉత్తరం

మా బ్రాంచిలో ఆయనకు రెండు పేర్లుండేవి. ఎదురుగా ఉంటే సారు, వెనక్కి తిరిగితే వాపసు సారు. అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. నేను ఆయన పక్క కుర్చీలో ఆరేళ్ళు పనిచేశాను. ఆ ఆరేళ్ళలో ఆయన మీద పళ్ళు నూరని రోజు లేదు. ఇప్పుడు ఆయన గురించి రాస్తున్నది ప్రేమ పొంగిపోయి కాదు. రాయకపోతే ఆ విషయం నా గొంతులోనే అడ్డంపడి ఉండిపోతుందని.

ఆయన పని కాగితాలు సరిచూడడం. కొత్త ఖాతా తెరవాలన్నా, చిరునామా మార్చాలన్నా, విదేశాల్లో ఉన్నవాళ్ళు ఏ ఉత్తరం పంపినా ముందు ఆయన బల్ల మీదికే రావాలి. ఆయన చూసి కంప్యూటర్లో ఎక్కిస్తే, నేను మళ్ళీ చూసి ఆమోదించాలి. బల్ల మీద ఒక స్టీలు స్కేలు, పిడి విరిగిన భూతద్దం, ఎప్పుడూ మొన తేలి ఉండే పెన్సిలు, వాటి పక్కన వాపసు చీటీల కట్ట. అరచేయంత చీటీ. ఖాతాదారు పేరు, తేదీ, కింద 'కారణం' అని పెద్ద గడి. హెడ్డాఫీసు ఇచ్చింది కాదది. ఆయనే సొంత ఖర్చుతో అచ్చు వేయించుకున్నాడు.

సంతకంలో తోక కాస్త పొడుగైతే వాపసు. ఫొటోలో కళ్ళజోడు ఉండి పాస్‌పోర్టులో లేకపోతే వాపసు. నేను ఉద్యోగంలో చేరిన రోజు ఇచ్చిన చేరిక పత్రం కూడా వాపసు వచ్చింది, తేదీలో నెల రాయడం మరిచిపోయానని. ఆ చీటీ ఇంకా నా దగ్గరుంది. ఓడలో వంటవాడొకడు మూడుసార్లు తిరిగి తిరిగి, తల ప్రాణం తోకకొచ్చి, "నా పెళ్ళాం కూడా నన్నిన్ని ప్రశ్నలు అడగలేదండీ" అని కౌంటరు ముందే కూలబడిపోయాడు. సారు నవ్వలేదు. "ఆవిడ అడగాల్సింది" అన్నాడు.

అయితే ఒక మాట చెప్పాలి. ఆయన చీటీ అందుకున్నవాడు రెండోసారి వస్తే పని అయిపోయేది. ఏం తేవాలో, ఎన్ని కాపీలు తేవాలో, ఎవరి చేత ముద్ర వేయించాలో, కారణం గడి నిండా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చేవాడు. ఫారం మీద సంతకం చేయాల్సిన చోట పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు పెట్టేవాడు. చదువు రానివాళ్ళు ఆ గుర్తునే నమ్ముకుని వచ్చేవాళ్ళు.

ఆయన భార్య పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేసేది. డాక్టరు పంపిన అచ్చు చూసి, మైనంతో పన్ను చెక్కి, రంగు కలిపి, నోట్లో ఉన్న మిగతా పళ్ళతో కలిసిపోయేలా చేయడం ఆవిడ పని. సాయంత్రం బ్రాంచి మూసే వేళకు స్కూటర్ మీద వచ్చి మెట్ల దగ్గర ఆగేది. సారు వెంటనే దిగేవాడు కాదు. బీరువా తాళం మూడుసార్లు లాగి చూడాలి కదా. ఈలోపు ఆవిడ నాతో కబుర్లాడేది.

"నేను చేసిన పన్ను ఇప్పటిదాకా ఒక్కటి వాపసు రాలేదమ్మా. వచ్చేవన్నీ ఇంట్లోనే. మీ సారు కూరక్కూడా కారణం రాస్తారు" అనేది నవ్వుతూ.

నేనూ నవ్వేదాన్ని. ఒకసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు చూశాను. వంటింటి అల్మారా తలుపుకు లోపలి వైపున సరుకుల జాబితా అంటించి ఉంది. ఆవిడ రాసిన ప్రతి సరుకు పక్కనా పెన్సిలు టిక్కు. రెండు చోట్ల టిక్కుకు బదులు 'ఎక్కువ' అని ఉంది. ఆవిడ గ్యాస్ కట్టేసి ఇవతలికి రాగానే ఆయన లేచి వెళ్ళి ఆ గుబ్బ తిప్పి చూసి వచ్చాడు. నాకదంతా వేడుకగా కనిపించింది. నాకేం, సాయంత్రం ఆరింటికి నా ఇంటికి నేను వెళ్ళిపోయేదాన్ని.

మూడేళ్ళ కిందట ఆవిడకు విదేశంలో ఒక పెద్ద ల్యాబులో ఉద్యోగం వచ్చింది. రెండేళ్ళ ఒప్పందం. పిల్లలు లేరు, వెనక లాగేవాళ్ళు లేరు. సారే దగ్గరుండి కాగితాలన్నీ సర్దిపెట్టాడు. వెళ్ళేటప్పుడు మా అందరికీ చెప్పి మరీ వెళ్ళింది. రెండేళ్ళయ్యాక, "ఇంకో ఏడాది పొడిగించారు" అన్నాడు సారు. ఎవరైనా అడిగితే, "వచ్చే ఏడాది వచ్చేస్తుంది" అనేవాడు. ప్రతి ఆదివారం ఆవిడ స్కూటర్ బయటికి తీసి, వీధి చివరిదాకా నడిపి, తుడిచి మళ్ళీ లోపల పెట్టేవాడట. బ్యాటరీ పాడవకుండా.

ఉత్తరం వచ్చింది ఒక మంగళవారం. టపా పదకొండింటికి వస్తుంది. విదేశీ తపాలా బిళ్ళలు అతికించిన దళసరి కవరు, పైన మేనేజరు హోదాకు చిరునామా. అలాంటివి నెలకు పదైనా వస్తాయి. సారు స్కేలు పెట్టి కవరు చింపాడు, వచ్చిన టపా నమోదుచేసే ఆవకల పుస్తకంలో వరుస సంఖ్య వేశాడు, 412. ఆ తర్వాత చదవడం మొదలుపెట్టాడు. చదివాడు. మళ్ళీ మొదటికొచ్చాడు. భూతద్దం తీశాడు. ఒక్కో కాగితం కిటికీ వైపు పట్టుకుని వెలుతురులో చూశాడు. నేను పెద్దగా పట్టించుకోలేదు. ఏదో దొంగ ముద్ర అనుకున్నాను. కాసేపటికి అన్నీ కవర్లో పెట్టి, కవరు సొరుగులో పెట్టి, తాళం వేసి, మంచినీళ్ళ కోసం లేచి వెళ్ళాడు. ఆయన మధ్యాహ్నం భోజనం దాకా కుర్చీలోంచి లేవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ వారం ఆయన ఒక్క వాపసు చీటీ రాయలేదు. ఆ పై వారమూ అంతే. సంతకం తోకలు పొడుగున్నవి కూడా గుట్టుచప్పుడు కాకుండా నా తెరమీదికి వచ్చేశాయి. నేను పట్టుకుని వెనక్కి పంపాల్సి వచ్చింది. ప్యూను తొంగిచూసి, "సారుకి ఒంట్లో బాలేదేమోనమ్మా" అన్నాడు.

ఆవకల పుస్తకంలో ఉన్న ప్రతి ఉత్తరానికీ ఏడు పనిదినాల్లో జవాబు వెళ్ళాలి. పదకొండో రోజున పుస్తకం చూస్తుంటే 412 ఎదురుగా ఖాళీ కనిపించింది. సారు చేతిలో ఖాళీ మిగలడమా!

"సార్, నాలుగొందల పన్నెండు ఏమైంది?" అన్నాను.

ఆయన సొరుగు తాళం తీశాడు. కవరు నా ముందు పెట్టాడు.

"ఇది నేను చూడకూడదమ్మా. మా ఇంటిది. సొంతవాళ్ళ ఖాతా వేరేవాళ్ళు చూడాలి. రూలు" అన్నాడు.

"మరి పదకొండు రోజులు..."

"చూడకూడనిది చూశాను. అది కూడా రాసుకో" అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ ఉత్తరం నా చేతుల్లో పట్టుకుని చదివినప్పుడు ఎలా ఉందో ఇప్పటికీ గుర్తుంది. గుండ్రటి చేతిరాత. పైన కుడివైపు తేదీ, నెలతో సహా.

"బ్రాంచి మేనేజరు గారికి, నమస్కారాలు. మీ బ్రాంచిలో నా పేరు మొదటగా, నా భర్త పేరు రెండవదిగా ఉన్న పొదుపు ఖాతా, దేశంలో నివసించేవారి ఖాతాగా నమోదై ఉంది. నేను మూడేళ్ళుగా ఉద్యోగరీత్యా విదేశంలో ఉంటున్నాను. నాకు ఇక్కడ శాశ్వత నివాస అనుమతి లభించింది. ఇకపై ఇక్కడే ఉండదలచుకున్నాను. కాబట్టి పై ఖాతాను నాన్-రెసిడెంట్ ఆర్డినరీ ఖాతాగా మార్చవలసిందిగా కోరుతున్నాను. నేను విదేశానికి వెళ్ళిన వెంటనే ఈ సంగతి బ్యాంకుకు తెలియజేయకపోవడం పూర్తిగా నా పొరపాటు. ఇందులో మరెవరి బాధ్యతా లేదు. రెండవ ఖాతాదారు పేరు అలాగే ఉంచగలరు.

"జతపరచిన పత్రాలు, అసలుతో సరిచూసినవి: ఖాతా మార్పిడి ఫారం, నా సంతకంతో. పాస్‌పోర్టులో ఫొటో పేజీ, చిరునామా పేజీ, వీసా ముద్ర ఉన్న పేజీలు. నివాస అనుమతి కార్డు, రెండు వైపులా. ఇక్కడి చిరునామాకు రుజువుగా గత నెల కరెంటు బిల్లు. పాన్ కార్డు కాపీ. ఇక్కడి పన్ను సంఖ్యతో స్వీయ ప్రకటన. ఫొటోలు రెండు. కాపీలన్నిటి మీదా నా సంతకం, రాయబార కార్యాలయం వారి ముద్ర ఉన్నాయి. వాడని నాలుగు చెక్కులు, ఏటీఎం కార్డు నా భర్త వద్ద ఉన్నాయి. ఆయన అందజేస్తారు."

ప్రతి పత్రం పక్కనా పెన్సిలు టిక్కు ఉంది.

నేను పని మొదలుపెట్టాను. పేజీలు లెక్కపెట్టాను. ముద్రల తేదీలు చూశాను. కార్డు వెనకవైపు కాపీ తీయడం నూటికి తొంభైమంది మరిచిపోతారు. ఆవిడ మరిచిపోలేదు. కరెంటు బిల్లు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉంది. ఫొటోలో కళ్ళజోడు లేదు, పాస్‌పోర్టులోనూ లేదు. ఏ కాగితం ఏ వరుసలో ఉండాలని సారు అందరినీ చంపుకు తినేవాడో అదే వరుసలో, అంచుకు రంగు చీటీలు అంటించి మరీ ఉన్నాయి. వేలెత్తి చూపడానికి సందు లేదు. అప్పుడర్థమైంది నాకు. సారు పదకొండు రోజులూ తప్పు కోసం వెతికాడు. ఒక్క తప్పు, ఒక్క ముద్ర తక్కువైతే చాలు, వాపసు పంపొచ్చు, మళ్ళీ రావడానికి నెలన్నర పడుతుంది. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసే ఒక్క లోపమూ లేకుండా పంపింది. నాకు ఆవిడ మీద చెప్పలేనంత కోపం వచ్చింది.

ఫారంలో ఒక్క చోటే ఖాళీ ఉంది, రెండవ ఖాతాదారు సంతకం. అక్కడ పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు.

కోపం పక్కనపెట్టి ఇంకోటి ఆలోచించాను. మనిషి దేశం వదిలి ఉద్యోగానికి వెళ్తే ఖాతా రకం మార్చాలి, ఆలస్యం చేయకూడదు. ఈ రూలు నాకు నేర్పిందే సారు. ఆ ఓడ వంటవాడిని అంతలా తిప్పింది దీనికోసమే. అలాంటి మనిషి సొంత ఇంట్లో ఖాతాను మూడేళ్ళు ఎలా వదిలేశాడు? ఆవిడ చెప్పకపోతే మాత్రం ఆయనకు తెలియదా? ఆవిడ ఏ ఊళ్ళో ఉందో ఆయనకు తెలియకపోవడమేమిటి?

ఇలాంటి ఉత్తరం టపాలో వస్తే, నమోదైన నంబరుకు ఫోను చేసి, రాసింది మీరేనా అని అడగాలి. మధ్యాహ్నం మేనేజరు గదిలోంచి చేశాను. అక్కడ పొద్దున్న. మొదట రూలు ప్రకారం పుట్టిన తేదీ, తల్లి పేరు అడిగాను. ఆవిడ ఒక్కోటీ చెప్పింది.

"ఉత్తరం నాదేనమ్మా. నా ఇష్టంతోనే రాశాను. గొంతు గుర్తుపట్టాను, నువ్వే కదూ?"

"నేనే ఆంటీ" అన్నాను. ఆ తర్వాత ఉండబట్టలేకపోయాను. "ముందు ఆయనకి చెప్పి ఉండాల్సింది. ఇలా బ్యాంకుకి రాస్తారా ఎవరైనా?"

ఆవిడ చాలా మామూలుగా చెప్పింది.

"ఏడాదిన్నర నుంచి చెప్తూనే ఉన్నానమ్మా, ప్రతి ఆదివారం. నేను రాను, మీరు రిటైరయ్యాక రాదలచుకుంటే మీరే రండి, లేదంటే లేదు అని. 'సరే, వచ్చాక మాట్లాడుకుందాం' అంటారు. ఫోను పెట్టేశాక స్కూటర్ తుడుస్తారు. నోటిమాట ఆయనకి లెక్కలోకి రాదు. కాగితం మీద ఉంటేనే నమ్ముతారు. అందుకని కాగితం పంపాను."

"అంత కాని పని ఏం చేశారాంటీ ఆయన?"

"ఏం చేయలేదమ్మా. చెయ్యెత్తలేదు, మాట తూలలేదు. ఇక్కడ నేను గ్యాస్ కట్టేస్తే కట్టేసినట్టే. వెనకాల ఎవరూ వచ్చి తిప్పి చూడరు. ఉప్పు తక్కువైతే తక్కువే తింటాను. చిన్న విషయంలా ఉంది కదూ? ఇరవై రెండేళ్ళు, అమ్మాయ్."

"ఆంటీ, ఆ పొరపాటు మీది కాదు కదా?" అన్నాను.

"ఆ ముక్క అలాగే ఉండనీ. ఆయనకింకా నాలుగు నెలల సర్వీసుంది" అని ఫోను పెట్టేసింది.

మర్నాడు సారు మామూలు కన్నా ముందే వచ్చాడు. చేతిలో ఒక పాత అట్ట ఫైలు. తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళి, నన్నూ పిలిచాడు. మా మేనేజరు ఆయన కొడుకు వయసువాడు, సారు నిలబడితే తనూ లేచి నిలబడే రకం.

"మీ భార్య గారి ఉత్తరం చూశాను సార్. అంతా సక్రమంగా ఉంది. మీరొక్క సంతకం చేస్తే..." అంటూ మొదలుపెట్టాడు మేనేజరు.

"సక్రమంగా లేదు బాబూ" అన్నాడు సారు.

పదకొండు రోజుల తర్వాత దొరికించుకున్నాడన్నమాట, అనుకున్నాను.

"ఇందులో ఒక వాక్యం అబద్ధం. వెళ్ళిన వెంటనే తెలియజేయలేదని రాసింది. తెలియజేసింది. వెళ్ళే ముందు రోజు ఫారం నింపి, సంతకం చేసి, పాస్‌పోర్టు కాపీలతో సహా నా చేతికిచ్చింది. బ్యాంకులో ఇచ్చేయండి అని. నేనివ్వలేదు."

అట్ట ఫైలు బల్ల మీద పెట్టాడు.

"ఎందుకివ్వలేదు సార్?" అని అడిగింది మేనేజరు కాదు, నేను.

ఆయన నా వైపు చూడలేదు. "అది ఇస్తే ఆవిడ ఇక్కడి మనిషి కాదని నా చేత్తో నేను కంప్యూటర్లో ఎక్కించాలి కదమ్మా. రెండేళ్ళే కదా, వచ్చేస్తుంది, ఎందుకులే అనుకున్నాను. రోజూ రేపు, రేపు అనుకున్నాను. ఓడ వంటవాణ్ణి తిప్పిన రోజు కూడా ఇది నా ఇంట్లో బీరువాలోనే ఉంది."

మేనేజరు లేచి తలుపు దగ్గరగా వేశాడు. గొంతు తగ్గించాడు.

"సార్, ఆవిడే తన పొరపాటని రాసిచ్చారు. ఆ ఫైలు నేను చూడలేదు, ఈ అమ్మాయీ చూడలేదు. నాలుగు నెలలుంది మీకు. తెలిసి దాచారని తేలితే మచ్చ పడుతుంది. ముప్పై నాలుగేళ్ళ సర్వీసు సార్."

"అబద్ధం ఉన్న కాగితం కింద నేను సంతకం పెట్టలేను. అలాగని దీన్ని వాపసు పంపే ముఖమూ నాకు లేదు." జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. "జరిగింది రాసి తెచ్చాను. ఉత్తరానికి జతచేయండి. ఆమె పొరపాటు లేదు, నాది. అంతే రాశాను. ఖాతా మార్చడం ఆపొద్దు."

మేనేజరు నా వైపు చూశాడు, నేను గోడ వైపు చూశాను. ఇద్దరం ఆయన్ని కాపాడాలనుకున్నాం. ఆయన మాకు ఆ సందు కూడా ఇవ్వలేదు.

ఆ తర్వాత పని నా బల్ల దగ్గర జరిగింది. జీవితంలో మొదటిసారి సారు నా ఎదురు కుర్చీలో, ఖాతాదార్లు కూర్చునే చోట కూర్చున్నాడు. నాలుగు చెక్కులు ఇచ్చాడు, అడ్డంగా కత్తిరించి రద్దు చేశాను. ఏటీఎం కార్డు ఇచ్చాడు, దాన్నీ కత్తిరించాను. ఫారం ఆయన వైపు తిప్పాను. పెన్సిలు ఇంటూ గుర్తు మీద ఆయన వేలు ఆగింది.

"నా గుర్తే" అన్నాడు. సంతకం చేశాడు.

నేను తెర మీద పాత నమూనా సంతకం తెరిచాను. ఇరవై అయిదేళ్ళ కిందటిది, పెళ్ళైన కొత్తలోది. మొదటి అక్షరం ఠీవిగా లేచి, చివర గీత తిన్నగా వెళ్ళి ఆగుతుంది. ఫారం మీద ఉన్నదానికి ఆ గీత లేదు. అక్షరాలు ఒకదాని మీదికొకటి ఒరిగిపోయాయి. నేను రెండుసార్లు చూశాను. వదిలేయొచ్చు. ఎదురుగా కూర్చున్న మనిషి ఎవరో నాకు తెలియదా? కానీ ఆ మనిషి దగ్గరే కదా నేను పని నేర్చుకున్నది.

"సార్, సంతకం కలవలేదు" అన్నాను. చెప్తుంటే నాకే ఏడుపొచ్చింది.

ఆయన అద్దాలు తీసి తుడుచుకుని, తెర వైపు వంగి చూశాడు. "అవును, కలవలేదు. మంచి పని చేశావు" అన్నాడు. పక్కనే ఇంకోసారి, నెమ్మదిగా, స్కూలు పిల్లాడిలా గీసుకుంటూ సంతకం చేశాడు. ఈసారి గీత వచ్చింది.

ఇంకొకటి మిగిలింది. ఇప్పటిదాకా ఆ ఖాతాను ఇద్దరిలో ఎవరైనా నడపొచ్చు. నాన్-రెసిడెంట్ ఖాతాలో అలా కుదరదు. ఇక్కడ ఉండే మనిషి రెండో పేరుగా ఉండొచ్చుగానీ, మొదటివారు ఉన్నంతకాలం నడిపేది వారే. ఈ సంగతి రెండో ఖాతాదారుకు విడమరిచి చెప్పి, చెప్పినట్టు రాసుకోవాలి.

"సార్, మీకు తెలిసిందే..."

"తెలిసినా చెప్పాలి. నేను తెలిసినవాళ్ళకి చెప్పకుండా వదిలేశానా ఎప్పుడైనా?"

చెప్పాను. "ఇకనుంచి ఈ ఖాతా ఆవిడే నడుపుతారు సార్. ఆవిడ విడిగా అధికార పత్రం ఇస్తే తప్ప మీరు తీయడానికి లేదు. ఆవిడ తర్వాత, మీరుంటే, మీకు..."

"ఆ తర్వాతది నాకొద్దమ్మా" అన్నాడు. "ఆవిడే ఉండనీ." ఇంకాసేపటికి, ఎవరితోనో చెప్పినట్టు, "పేరు మాత్రం తీసేయమనలేదు. అలాగే ఉంచమంది. చూశావుగా?" అన్నాడు.

"చూశాను సార్."

"పెన్సిలు టిక్కు పెట్టలేదు దానికి. మిగతా అన్నిటికీ పెట్టింది."

అది పత్రం కాదు సార్, పత్రాలకే టిక్కులు పెడతారు అని చెప్పాలి. చెప్పలేదు.

మధ్యాహ్నానికి ఖాతా మారిపోయింది. ఎక్కించింది ఇంకొకరు, ఆమోదించింది నేను. పాత నమూనా కార్డు మీద ఇద్దరి ఫొటోలూ పక్కపక్కన ఉన్నాయి. ఆవిడ నవ్వు ఆపుకుంటున్నట్టు, ఆయన ఫొటోగ్రాఫరు మీద కేసు పెట్టేలా. దాని మీద అడ్డంగా రెండు గీతలు గీసి 'రద్దు' అని రాయాలి. గీతలు ఫొటోల మీద పడకుండా స్కేలు కాస్త కిందికి జరిపి గీశాను. సారు పక్క కుర్చీలోంచి చూస్తూనే ఉన్నాడు. గీతలు వంకరగా ఉన్నాయని అనలేదు.

ఆయన రాసిచ్చిన కాగితం పైకి వెళ్ళింది. ఆరు వారాలకు హెచ్చరిక ఉత్తరం వచ్చింది, సర్వీసు రికార్డులో నమోదు చేస్తున్నామంటూ. ఆయన దాన్ని అక్షరం అక్షరం చదివి, అందినట్టు సంతకం చేసి, తేదీలో నెల లేదని పై ఆఫీసువాళ్ళ మీద విసుక్కున్నాడు. బ్రాంచి అంతా నవ్వింది. చాలా రోజులకు నవ్వాం. ఆదివారం స్కూటర్ సంగతి తర్వాత తెలిసింది. ల్యాబులో ఆవిడ దగ్గర పని నేర్చుకున్న ఒకమ్మాయికి ఇచ్చేశాడట. ఇచ్చేముందు బ్రేకులు మార్పించాడట.

రిటైరైన రోజు సొరుగు ఖాళీ చేసి, భూతద్దం నాకిచ్చి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. విదేశానికి వెళ్ళలేదు. ఆవిడ రమ్మన్న మాట నేను ఫోన్లో విన్నాను. 'లేదంటే లేదు' అన్నదీ విన్నాను. రెండింటిలో ఆయనకు ఏది వినపడిందో నేనడగలేదు. బీరువా తాళం మాత్రం వెళ్ళేముందు మూడుసార్లు లాగి చూశాడు.

ఆ సాయంత్రమే, ఆయన కాగితాలు పాత దస్త్రాల గదికి పంపుతూ, అట్ట ఫైలు తెరిచాను. మూడేళ్ళ కిందట ఆవిడ నింపిన ఫారం అందులో ఉంది. గుండుసూదితో దానికి గుచ్చి ఒక వాపసు చీటీ ఉంది. ఆవిడ పేరు రాశాడు. తేదీ వేశాడు, ఆవిడ విమానం ఎక్కిన మర్నాటి తేదీ. కింద కారణం గడిలో పెన్సిలుతో ఏదో మొదలుపెట్టి చెరిపేసినట్టుంది. ఆయన ఇచ్చిన భూతద్దం పెట్టి చూశాను. ఒక్క అక్షరమూ కనిపించలేదు. చెరిపి చెరిపి ఆ చోట కాగితం పలచబడిపోయింది.

చీటీ తీయకుండా, ఫైలుకు తాడు కట్టి, నాలుగొందల పన్నెండు అని పైన రాశాను.